పైలోరి కోర్సు 9వ రోజు: నొప్పి పోయింది, మలం నల్లగా వస్తోంది. ఆపేయొచ్చా?

పదమూడుమాత్రలు · మార్చి 9, ఉదయం 7:40

ఈ ప్రశ్న అడగడానికే ఇక్కడ చేరానండీ. నెల రోజుల పాటు అర్ధరాత్రి కడుపులో మంట, ఏదైనా తింటే కాసేపు తగ్గడం. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లో అల్సర్ ఉందన్నారు. లోపలి నుంచి తీసిన ముక్కలో హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. మార్చి 1న కోర్సు మొదలుపెట్టాను. ఓమెప్రజోల్ 20 రెండు పూటలా, బిస్మత్ నాలుగు సార్లు, టెట్రాసైక్లిన్ 500 నాలుగు సార్లు, మెట్రోనిడజోల్ 500 మూడు సార్లు. లెక్కేస్తే రోజుకు 13. మొత్తం 14 రోజులు వాడాలి.

నొప్పి నాలుగో రోజుకే మాయమైంది. కానీ నోట్లో ఎప్పుడూ ఇనప మేకు పెట్టుకున్నట్టు రుచి, ఏం తిన్నా వికారం. మొన్నటి నుంచి మలం బొగ్గులా నల్లగా వస్తోంది, ఇవాళ అద్దంలో చూస్తే నాలుక కూడా నల్లగా ఉంది. భయమేసింది. మధ్యాహ్నం డోసులు రెండు సార్లు మర్చిపోయాను కూడా. జబ్బు ఎలాగూ తగ్గింది కదా, మిగతా ఐదు రోజులు మానేస్తే ఏమవుతుంది?

---

వేసవిగాలి · మార్చి 9, ఉదయం 8:05

నల్ల మలం అంటే లోపల రక్తం పోతున్నట్టే! మా నాన్నగారికి ఇలాగే అయితే నొప్పి మాత్రల వల్ల అల్సర్ అన్నారు, రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు. మీరు ఇక్కడ టైపు చేస్తూ కూర్చోకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

---

పాతకౌంటర్ · మార్చి 9, ఉదయం 8:50

ఇరవై ఏళ్లు ఆస్పత్రి ఫార్మసీలో చేశాను కాబట్టి చెబుతున్నా. వేసవిగాలి గారి భయంలో అర్థముంది, కానీ ఈ మనిషి బిస్మత్ మింగుతున్నారు. నోట్లోనూ పేగుల్లోనూ ఉండే గంధకంతో బిస్మత్ కలిస్తే నల్లటి పదార్థం తయారవుతుంది. నాలుక నలుపు అక్కడిదే, మలం నలుపు కూడా అక్కడిదే. కోర్సు అయిపోయిన కొద్ది రోజులకు రెండూ పోతాయి.

రక్తం వల్ల వచ్చే నలుపు వేరే రకం. అది తారులా మెరుస్తూ జిగటగా ఉంటుంది, పల్చగా వస్తుంది, ఆ వాసన ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. దాంతో పాటు లేవగానే కళ్లు తిరగడం, గుండె దడ, చెమట, నీరసం ఉంటాయి. బిస్మత్ నలుపులో మలం మామూలు గట్టితనంతోనే ఉంటుంది, రంగు ఒక్కటే మారుతుంది. మీకు ఏ రకం? రక్తం నలుపు లక్షణాల్లో ఒక్కటున్నా, లేక రక్తం వాంతి అయినా, వేసవిగాలి గారు చెప్పినట్టే చేయండి. మీకు అల్సర్ ఉందని తెలుసు కాబట్టి అనుమానం వస్తే నిర్లక్ష్యం చేయొద్దు.

---

పదమూడుమాత్రలు · మార్చి 9, ఉదయం 9:10

గట్టిగానే ఉందండీ, రంగే తేడా. కళ్లు తిరగడం లేదు. హమ్మయ్య. బిస్మత్ గురించి ఎవరూ ముందే చెప్పలేదు, ఒక్క మాట చెప్పి ఉంటే రెండు రాత్రులు నిద్రపోయేవాణ్ణి.

---

లాజిక్‌రాజు · మార్చి 9, ఉదయం 9:32

ఆపేయొచ్చా అన్నదానికి నా జవాబు. "యాంటీబయోటిక్ కోర్సు పూర్తి చేయాలి" అన్నది పాత కాలపు మాట. ఇప్పుడు న్యుమోనియాకే ఐదు రోజులు చాలంటున్నారు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కి మూడు రోజులు. ఎక్కువ రోజులు వాడితేనే మంచి బ్యాక్టీరియా చచ్చి రెసిస్టెన్స్ పెరుగుతుంది. నొప్పి పోయి ఐదు రోజులైంది, తొమ్మిది రోజుల మందు పడింది. చాలు.

---

పాతకౌంటర్ · మార్చి 9, ఉదయం 10:15

రాజుగారూ, న్యుమోనియా సంగతి నిజమే, చాలా ఇన్‌ఫెక్షన్లకు ఇప్పుడు రోజులు తగ్గించారు. పైలోరి విషయంలో మాత్రం దారి తిరగబడింది. ఒకప్పుడు ఏడు రోజులే ఇచ్చేవారు, పది చేశారు, ఇప్పుడు పద్నాలుగు. ఏడు రోజుల్లో చాలామందిలో పోవడం లేదని చూశాకే పెంచారు.

కారణం అది ఉండే చోటు. పొట్ట గోడ మీద ఉండే జిగురు పొర కింద దాక్కుంటుంది. రక్తం వైపు నుంచి వచ్చే మందూ, పొట్టలో కరిగే మందూ అక్కడికి కొంచెం కొంచెంగానే చేరతాయి. పైగా పొట్టలో యాసిడ్ ఎక్కువున్నప్పుడు అది విభజన చెందకుండా ఊరికే పడుంటుంది, అలాంటప్పుడు కొన్ని యాంటీబయోటిక్స్ దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. రోజుకు రెండు ఓమెప్రజోల్ ఇచ్చేది మంట తగ్గడానికి మాత్రమే అనుకుంటారు చాలామంది. యాసిడ్ తగ్గితే ఆ సూక్ష్మజీవి కదలడం మొదలుపెడుతుంది, అప్పుడు మందు పట్టుకుంటుంది. అందుకే ఆ మాత్రని తిండికి అరగంట ముందు వేసుకోమనేది. తిన్నాక వేసుకుంటే సగం పని వృథా.

ఇక నొప్పి పోవడం. అది యాసిడ్ తగ్గినందువల్ల. బ్యాక్టీరియా పోయిందా ఉందా అన్నది నొప్పి చెప్పదు.

---

రెండోసారి · మార్చి 9, మధ్యాహ్నం 12:20

రాజుగారి సలహా పాటించి దెబ్బతిన్నదాన్ని నేనే. అప్పట్లో ఈ సలహా ఇవ్వడానికి ఎవరూ లేరు, నాకు నేనే ఇచ్చుకున్నా.

మూడేళ్ల కిందట నాకు అమోక్సిసిలిన్, క్లారిత్రోమైసిన్, గ్యాస్ మాత్ర కలిపి 14 రోజులకు ఇచ్చారు. క్లారిత్రోమైసిన్ రుచి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మంచినీళ్లు కూడా చేదు. ఆరో రోజుకి నొప్పి లేదు, మానేశా. గ్యాస్ మాత్ర మాత్రం వాడుతూనే ఉన్నా. పది రోజులాగి సొంతంగా ల్యాబ్‌కి వెళ్లి స్టూల్ టెస్ట్ చేయించుకున్నా. నెగటివ్! ఇంట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నా. ఐదు నెలలకి మళ్లీ అదే మంట, ఈసారి పాజిటివ్.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "అప్పుడు టెస్ట్ చేయించినప్పుడు గ్యాస్ మాత్ర వాడుతున్నావా?" ఆ నెగటివ్ అబద్ధం అన్నమాట. రెండోసారి ఇచ్చింది మీరు వాడుతున్న ఈ నాలుగు మందుల కోర్సే. క్లారిత్రోమైసిన్ ఇక నీకు పనికిరాదంది.

---

లాజిక్‌రాజు · మార్చి 9, మధ్యాహ్నం 12:41

ఒక్క కేసుతో తేల్చేయలేం. పూర్తిగా వాడినవాళ్లలో కూడా ఫెయిల్ అవుతుంది కదా?

---

పాతకౌంటర్ · మార్చి 9, మధ్యాహ్నం 1:30

అవుతుంది, కాదనను. ముఖ్యంగా క్లారిత్రోమైసిన్‌కి మొదటి నుంచే లొంగని రకం ఉంటే ఎంత బుద్ధిగా వాడినా ఫెయిల్. ఆ రెసిస్టెన్స్ పెరిగిపోయింది కాబట్టే ఇప్పుడు ఈ బిస్మత్ కోర్సుని ముందు ఇస్తున్నారు. కానీ సగంలో ఆపినప్పుడు జరిగేది వేరు. బలహీనమైనవి చచ్చిపోతాయి, కాస్త తట్టుకునేవి మిగిలి అవే మళ్లీ పెరుగుతాయి. అందుకే ఒకసారి క్లారిత్రోమైసిన్ వాడి ఫెయిలైతే రెండోసారి దాన్ని ముట్టుకోరు, లీవోఫ్లాక్సాసిన్ కూడా అంతే. అమోక్సిసిలిన్, టెట్రాసైక్లిన్‌లకు రెసిస్టెన్స్ అరుదు, వాటిని మళ్లీ వాడొచ్చు. చేతిలో ఉన్న మందులే నాలుగైదు, అందులో ఒకటి తగలేసుకోవడం ఎందుకు?

పదమూడుమాత్రలు గారూ, మర్చిపోయిన డోసుల సంగతి. తర్వాతి డోసు టైమ్ దగ్గర పడితే వదిలేయండి, రెండూ కలిపి మింగొద్దు. మిగిలిపోయిన మాత్రలు పారేయకుండా చివర్లో వేసుకుని ముగించండి. రెండు పూటలు తప్పితే కోర్సు చెడిపోయినట్టు కాదు. ఇంకో మాట: ఇవి కాకుండా రోజూ ఇంకేమైనా మింగుతున్నారా? విటమిన్, ఐరన్, సిరప్, ఏదైనా.

---

పదమూడుమాత్రలు · మార్చి 9, రాత్రి 8:15

ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చా. మోకాళ్ల కోసం క్యాల్షియం మాత్ర, ఉదయం టిఫిన్ తర్వాత. గుర్తుంటుందని దాన్ని కూడా టెట్రాసైక్లిన్‌తో కలిపే వేసుకుంటున్నా. వికారంగా ఉన్నప్పుడు తెల్లటి యాంటాసిడ్ సిరప్ రెండు చెంచాలు, అది కూడా మాత్రల మీదే. టెట్రాసైక్లిన్‌కి పొట్ట పాడవుతుందని పాలతో మింగుతున్నా.

---

పాతకౌంటర్ · మార్చి 9, రాత్రి 8:40

అదిగో. అడిగింది మంచిదైంది.

క్యాల్షియం, పాలు, యాంటాసిడ్‌లోని అల్యూమినియం, మెగ్నీషియం, ఇవన్నీ టెట్రాసైక్లిన్‌ని పట్టుకుని ముద్ద కట్టేస్తాయి. ఆ ముద్ద ఒంటికి పట్టకుండా బయటికి పోతుంది. అంటే మీరు మాత్ర మింగుతున్నారు కానీ మందు పూర్తిగా వేసుకోవడం లేదు. రెండు పూటలు మర్చిపోయినదాని కంటే నాకు ఇదే ఎక్కువ కంగారుగా ఉంది. క్యాల్షియం ఈ కొద్ది రోజులు మానేస్తే మోకాళ్లకు కొత్తగా వచ్చే నష్టం లేదు, రేపు మీ డాక్టరుకి ఫోన్ చేసి ఈ సంగతి మొత్తం చెప్పండి. సిరప్ తప్పదనుకుంటే టెట్రాసైక్లిన్‌కి కనీసం రెండు గంటల దూరంలో పెట్టండి. మాత్రని పాలతో కాదు, నిండు గ్లాసు నీళ్లతో మింగండి. రాత్రి డోసు వేసుకున్న వెంటనే పడుకోవద్దు, అది గొంతు కింద అతుక్కుంటే అక్కడ పుండు చేస్తుంది. ఎండలో తిరిగితే చర్మం కూడా తొందరగా కమిలిపోతుంది, జాగ్రత్త.

---

లాజిక్‌రాజు · మార్చి 9, రాత్రి 9:02

బిస్మత్ కూడా లోహమే కదా? అది టెట్రాసైక్లిన్‌ని పట్టుకోదా? మరి రెండూ కలిపి ఎందుకిస్తున్నారు?

---

పాతకౌంటర్ · మార్చి 9, రాత్రి 9:25

ఇది నిజంగా మంచి ప్రశ్న. పట్టుకుంటుంది, కొంత. అయినా ఈ కోర్సుని పరీక్షించినదే రెండూ కలిపి, ఆ లెక్కలోనే పనిచేసింది. బిస్మత్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్ మూడింటినీ ఒకే క్యాప్సూల్‌లో పెట్టి అమ్మే మందు కూడా ఉంది. పైన క్యాల్షియం, పాలు, సిరప్ వచ్చి చేరితే ఎంత నష్టమో మాత్రం ఎవరూ లెక్కగట్టి ఇవ్వలేదు, కాబట్టి దూరం పెట్టడమే తెలివి.

---

వేసవిగాలి · మార్చి 9, రాత్రి 9:40

అయితే పెరుగు కూడా మానేయాలా? ప్రోబయోటిక్ వాడితే విరేచనాలు రావంటారు కదా?

---

నైట్‌డ్యూటీ · మార్చి 10, తెల్లవారు 3:12

ఎండోస్కోపీ యూనిట్‌లో నర్సుని. ప్రోబయోటిక్ వల్ల విరేచనాలు కొందరికి తగ్గుతాయి. దాని వల్ల పైలోరి ఎక్కువగా చస్తుందా అన్నదాంట్లో మా డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. పెరుగులోనూ క్యాల్షియం ఉంటుంది, తింటే టెట్రాసైక్లిన్‌కి దూరంగా తినండి.

ఈ మందులతో రోజుకు రెండు మూడు సార్లు కాస్త పల్చగా వెళ్లడం మామూలే. నీళ్లలా పదే పదే వెళ్తున్నా, జ్వరం, కడుపులో మెలితిప్పే నొప్పి, రక్తం కనిపించినా అది వేరే కథ. యాంటీబయోటిక్ వల్ల పేగులో ఒక చెడ్డ బ్యాక్టీరియా పెరిగిపోతుంది, కోర్సు అయ్యాక కొన్ని వారాలకు కూడా రావచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకుండా డాక్టరుకి చూపించండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే మందు ఆపి నేరుగా ఆస్పత్రికే. "కోర్సు పూర్తి చేయాలి" అన్నది అలెర్జీకి వర్తించదు. ఆ మాట పట్టుకుని దద్దుర్లతో మూడు రోజులు మింగి వచ్చినావిడని చూశాను.

మెట్రోనిడజోల్‌తో మూత్రం ముదురు రంగులో వస్తే కంగారు పడొద్దు. మద్యం మాత్రం వద్దు, చివరి మాత్ర తర్వాత కూడా రెండు మూడు రోజులు.

---

లాజిక్‌రాజు · మార్చి 10, ఉదయం 9:15

మద్యంతో మెట్రోనిడజోల్ రియాక్షన్ అనేది అతిశయోక్తి అని చదివాను.

---

నైట్‌డ్యూటీ · మార్చి 10, సాయంత్రం 6:50

దాని మీద వాదనలున్నాయి, నిజమే. మీరు ప్రయోగం చేసుకోండి. అల్సర్ ఉన్నాయన్ని మాత్రం కలపకండి.

---

పదమూడుమాత్రలు · మార్చి 10, రాత్రి 7:30

డాక్టరుకి ఫోన్ చేశా. క్యాల్షియం, పాలు సంగతి విని కాసేపు ఏం మాట్లాడలేదు. మార్చి 14 వరకూ సరిగ్గా వాడు, తర్వాత టెస్టు చెబుతుంది అన్నారు. ఏ టెస్టు, ఎప్పుడు అని అడిగేలోపు ఫోన్ పెట్టేశారు. మా ఇంటి దగ్గర ల్యాబ్‌లో రక్తంతో పైలోరి టెస్ట్ ఉందట, 15న చేయించుకోనా?

---

నైట్‌డ్యూటీ · మార్చి 11, తెల్లవారు 2:40

రక్త పరీక్ష వద్దు. అది చూసేది బ్యాక్టీరియాని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీల్ని. బ్యాక్టీరియా పోయినా అవి నెలలూ సంవత్సరాలూ ఉంటాయి. తగ్గినవాళ్లు కూడా ఆ పాజిటివ్ పట్టుకుని ఏడుస్తూ వస్తుంటారు మా దగ్గరికి.

మీకు కావలసింది బ్రీత్ టెస్ట్ గానీ, మలంలో యాంటిజెన్ చూసే టెస్ట్ గానీ. బ్రీత్ టెస్ట్‌లో పరగడుపున రమ్మంటారు, ముందు ఒకసారి సంచీలోకి ఊదిస్తారు, తర్వాత యూరియా ఉన్న ద్రవం తాగించి అరగంటకు మళ్లీ ఊదిస్తారు. పైలోరి ఉంటే ఆ యూరియాని విడగొడుతుంది, అందులోని గుర్తుపెట్టిన కార్బన్ ఊపిరిలో బయటికొస్తుంది. లేకపోతే రాదు.

ఎప్పుడన్నదే అసలు కిటుకు. యాంటీబయోటిక్, బిస్మత్ చివరి డోసు నుంచి కనీసం నాలుగు వారాలు. ఓమెప్రజోల్ ఆపి రెండు వారాలు. ఆలోగా వెళ్తే బ్యాక్టీరియా చావకుండా అణిగి ఉంటుంది, టెస్ట్‌కి అందదు. రెండోసారి గారి మొదటి నెగటివ్ ఇలాంటిదే. మీ లెక్కలో మార్చి 14 చివరి రోజు అయితే ఏప్రిల్ 11కి ముందు వద్దు. అల్సర్ కోసం ఓమెప్రజోల్ కొనసాగించమంటే మార్చి 28 నాటికైనా ఆపాలి, అదీ డాక్టరుని అడిగాకే. మధ్యలో గొంతు నొప్పికో పంటికో యాంటీబయోటిక్ వాడితే నాలుగు వారాల లెక్క మళ్లీ మొదలు.

---

రెండోసారి · మార్చి 11, ఉదయం 8:20

ఓమెప్రజోల్ ఆపినప్పుడు మంట మళ్లీ వస్తుంది, జాగ్రత్త. నేనైతే జబ్బు తిరగబెట్టిందనుకున్నా.

---

పదమూడుమాత్రలు · ఏప్రిల్ 3, రాత్రి 10:05

రెండోసారి గారూ, మీరన్నదే అయింది. చివరి రెండు మిగులు డోసులతో కోర్సు మార్చి 15న ముగిసింది. నాలుక, మలం రంగు మూడు నాలుగు రోజుల్లో మామూలైపోయాయి. మార్చి 28న ఓమెప్రజోల్ ఆపా. నాలుగు రోజులు బాగానే ఉంది, నిన్న రాత్రి గుండెల్లో మంట, తట్టుకోలేక ఒక ఓమెప్రజోల్ వేసుకున్నా. ఒక్కటే! టెస్ట్ ఏప్రిల్ 12కి పెట్టుకున్నా. పర్లేదా?

---

పాతకౌంటర్ · ఏప్రిల్ 3, రాత్రి 10:50

అణిచిపెట్టిన యాసిడ్ మందు ఆపగానే కొన్నాళ్లు ఎక్కువగా ఊరుతుంది, అందుకే ఆ మంట. దాన్ని బట్టి పైలోరి ఉందని అనుకోవద్దు. ఇప్పుడు టెట్రాసైక్లిన్ లేదు కాబట్టి యాంటాసిడ్ సిరప్ తాగొచ్చు, బిస్మత్ లేనిది చూసుకోండి. చాలకపోతే ఫామోటిడిన్. ఒక్క మాత్రతో టెస్ట్ తప్పుతుందా అంటే బహుశా తప్పదు. అయినా మధ్యలో క్యాల్షియం గొడవ జరిగింది కదా, మీకు అనుమానం లేని ఫలితం కావాలి. ఏప్రిల్ 2 నుంచి రెండు వారాలు లెక్కేసి 16 తర్వాతకు జరపండి.

---

నైట్‌డ్యూటీ · ఏప్రిల్ 4, తెల్లవారు 4:00

ఫామోటిడిన్ కూడా టెస్ట్ ముందు రోజు ఆపమంటాం మా దగ్గర. పాతకౌంటర్ గారు అది అక్కర్లేదంటారేమో.

---

పాతకౌంటర్ · ఏప్రిల్ 4, ఉదయం 7:10

అంతగా అక్కర్లేదంటాను. కానీ టెస్ట్ చేసేవాళ్లు ఏం చెబితే అదే వినండి.

---

పదమూడుమాత్రలు · ఏప్రిల్ 19, సాయంత్రం 5:30

17న బ్రీత్ టెస్ట్ చేయించా. నెగటివ్, అదీ హద్దు కంటే బాగా కింద. డాక్టరు మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదన్నారు, నాది పొట్టలో కాకుండా చిన్నపేగులో అల్సర్ కాబట్టి. మంట పూర్తిగా పోలేదు, వారంలో రెండు రోజులు వస్తోంది. దానికి పైలోరి కారణం కాకపోవచ్చు, కొన్ని నెలలు చూద్దాం అన్నారు.

మా ఆవిడకి కూడా టెస్ట్ చేయించాలా అని అడిగితే, కడుపు ఇబ్బంది లేకపోతే ఇప్పుడొద్దన్నారు.

---

రెండోసారి · ఏప్రిల్ 19, రాత్రి 9:12

మా డాక్టరమ్మ ఇంట్లో పెద్దవాళ్లందరికీ చేయించింది. మా అత్తగారికి పాజిటివ్ వచ్చింది, ఆవిడకి ఒక్కరోజు కూడా కడుపు నొప్పి లేదు. ఇప్పుడు 13 మాత్రలూ నా చేత లెక్కపెట్టించుకుని మింగుతున్నారు.